సగం ఇచ్చి గడువు అడగడం: ఏ సగం ఇవ్వాలి?

అందరికీ నమస్కారం. క్లయింటుకు ఇస్తానన్న తేదీకి పని మొత్తం పూర్తి కాదని మనకు తెలిసిపోయింది. కానీ చేతిలో కొంత పని సిద్ధంగా ఉంది. "ముందు ఇది తీసుకోండి, మిగతాది ఫలానా రోజు ఇస్తాను" అని అడగాలి. ఈ రోజు ఈ ఒక్క సందర్భం గురించే మాట్లాడతాను.

ఈ మాట ఎత్తగానే అందరూ అడిగేది మెయిల్ ఎలా రాయాలని. నన్నడిగితే మెయిల్ చివరి పని. దానికి ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఏ ముక్క ముందు ఇస్తాం? మిగతాదానికి ఏ తేదీ చెబుతాం? ఈ రెండూ గట్టిగా తేలితే మెయిల్ పది వాక్యాల్లో అయిపోతుంది. తేలకపోతే ఎంత మర్యాదగా రాసినా, చదివినవాళ్లకు "వీళ్ల పని వెనకబడింది" అన్నదొక్కటే అర్థమవుతుంది.

నేను యంత్రాలకు మాన్యువల్స్ రాస్తాను. నా సొంత పనిలో జరిగిన ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. మీలో కోడ్ రాసేవాళ్లు, డిజైన్ చేసేవాళ్లు, రిపోర్టులు తయారుచేసేవాళ్లు ఉన్నారు. మాన్యువల్ అన్నచోట మీ పని పెట్టుకుని వినండి.

అది ఒక ప్యాకింగ్ మెషీన్ మాన్యువల్. మొత్తం 12 చాప్టర్లు. ఇవ్వాల్సిన రోజు మార్చి 20, శుక్రవారం. అందులో ఎనిమిదో చాప్టర్ అలారం కోడ్లది. మెషీన్ ఎక్కడైనా ఆగితే స్క్రీన్ మీద A014 లాంటి కోడ్ ఒకటి వస్తుంది. ఆ కోడ్‌కు అర్థమేంటి, కారణం ఏమై ఉండొచ్చు, ఆపరేటర్ ఏం చేయాలి అని ఒక్కోదానికీ రాయాలి. అలాంటివి 140 ఉన్నాయి. నేను అవన్నీ రాసేశాక, మెషీన్ కంట్రోలర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఎక్కించారు. దాంతో కొన్ని కోడ్లకు అర్థం మారింది. ఏవి మారాయో జాబితా లేదు. కాబట్టి ప్రతి కోడ్‌నూ మెషీన్ దగ్గర నిలబడి రప్పించి, నేను రాసినదానితో సరిచూడాలి.

మార్చి 9, సోమవారం ఆ పని మొదలుపెట్టాను. మంగళవారం సాయంత్రానికి 22 కోడ్లు అయ్యాయి. అంటే రోజుకు 11. ఇంకా 118 మిగిలాయి. 20వ తేదీకి ఇది అయ్యే పని కాదని ఆ సాయంత్రమే తేలిపోయింది.

ఇక్కడ ఎవరికైనా వెంటనే వచ్చే ఆలోచన ఒకటి ఉంది. "ఏడు చాప్టర్లు పూర్తిగా అయ్యాయి కదా, ఒకటి నుంచి ఏడు దాకా పంపేద్దాం. సగం కంటే ఎక్కువే ఇచ్చినట్టు ఉంటుంది." నాకూ మొదట అదే వచ్చింది. ఈ ఆలోచనలో ఉన్న లోపమేంటంటే, అది మన పని జరిగిన వరుసను చూస్తుంది. క్లయింట్ మన వరుసలో వాడడు. తన అవసరం వచ్చిన వరుసలో వాడతాడు. మనం 60 శాతం అన్నది ఆయనకు సున్నా కావచ్చు, 20 శాతం అన్నది ఆ వారానికి సరిపోవచ్చు.

అందుకే మెయిల్ రాయకముందే ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడిగాను. "ఈ మాన్యువల్ మీ చేతికి వచ్చాక మొదట దాంతో ఏం చేస్తారండీ?" జవాబు స్పష్టంగా వచ్చింది. 23వ తేదీ సోమవారం ఆపరేటర్లకు ట్రైనింగ్ మొదలవుతుంది, దానికి కావాలి అన్నారు. మెయింటెనెన్స్ టీమ్ ట్రైనింగ్ ఏప్రిల్ రెండో వారంలో ఉందట. అంటే 20 అన్న తేదీ వెనక అసలు తేదీ 23. ఆ అసలు తేదీ కూడా మాన్యువల్‌లో ఒక భాగానికే.

ఆపరేటర్‌కు ఏం కావాలి? భద్రతా జాగ్రత్తలు, మెషీన్ ఆన్ చేయడం, ఆపడం, రోజూ శుభ్రం చేయడం, ప్యాక్ సైజు మార్చినప్పుడు చేసే సెట్టింగులు. ఇవి ఐదు చాప్టర్లు. నాలుగు మొదటి ఏడింటిలో ఉన్నాయి, ఐదోది పదో చాప్టర్. నేను ఒకటి నుంచి ఏడు దాకా పంపి ఉంటే శుభ్రం చేయడం గురించి ఒక్క ముక్క కూడా వాళ్లకు అందేది కాదు. పైగా ఇన్‌స్టలేషన్ గురించి రెండు చాప్టర్లు అందేవి, అప్పటికే బిగించేసిన మెషీన్‌కు.

ఇక అలారం కోడ్లు. ఆపరేటర్‌కు 140 అక్కర్లేదు. కానీ కొన్ని కావాలి. వాళ్ల సర్వీస్ ఇంజనీర్‌తో మాట్లాడాను. "రోజువారీ నడకలో నిజంగా వచ్చేవి ఏవండీ?" అంటే ఆయన నోటితోనే 18 కోడ్లు చెప్పారు. ఫిల్మ్ అయిపోవడం, తలుపు సరిగ్గా మూసుకోకపోవడం, ప్యాకెట్‌ను అతికించే సీలింగ్ వేడి తగ్గడం లాంటివి. నేను రెండు రోజులు కూర్చుని సరిచూసిన 22 కోడ్లు A001 నుంచి A022 వరకు, వరుసగా. ఆయన చెప్పిన 18లో అవి ఆరే. మిగిలిన 12 జాబితాలో ఎక్కడెక్కడో ఉన్నాయి. మర్నాడు నుంచి నేను వరుస మార్చేశాను. ముందు ఆ 12, ఆ తర్వాతే మిగతావి. మొత్తం పని ఒక్క గంట కూడా పెరగలేదు. అదే రోజు పనికి విలువ మాత్రం పెరిగింది.

మన దగ్గర ఏం పూర్తయిందో అది సర్దిపెట్టి పంపడం ఒక పద్ధతి. క్లయింట్ ముందు ఏం వాడతాడో కనుక్కుని, దాన్ని పూర్తిచేసేలా మిగిలిన రోజుల పని వరుస మార్చుకోవడం ఇంకో పద్ధతి. రెండోది చేయాలంటే ముందుగా తెలియాలి. గడువు రేపనగా మొదటిది తప్ప వేరే దారి ఉండదు. గడువుకు ఎనిమిది పనిదినాల ముందు అడగడం వల్ల నాకు దొరికింది ఈ వెసులుబాటే.

ఇప్పుడు తేదీ సంగతి. "ఇంకొన్ని రోజులు కావాలి" అని ఎప్పుడూ అడగొద్దు. అది విన్నవాళ్లు తమ ప్లాన్‌లో ఏమీ రాసుకోలేరు. అలాగని "వచ్చే శుక్రవారం ఇస్తాను" అని నోటికొచ్చిన తేదీ కూడా చెప్పొద్దు. ఆ తేదీ ఎందుకు నోటికొస్తుందంటే, వినేవాళ్లు ఒప్పుకుంటారనిపించేంత దగ్గరగా ఉంటుంది కాబట్టి.

నేను లెక్క వేసిన తీరు చెబుతాను. 118 కోడ్లు, రోజుకు 11. అంటే 11 పనిదినాలు. ఇక్కడ 11 అనేది నేను నిజంగా రెండు రోజులు చేసి చూసిన వేగం. గట్టిగా కూర్చుంటే రోజుకు 18 చేయగలనేమో అనిపించింది కానీ అది లెక్కలోకి రానివ్వలేదు. బుధవారం 11వ తేదీ నుంచి లెక్కపెడితే 25కు అవుతుంది. ఆ తర్వాత వాళ్ల ఇంజనీర్ చదివి చూడడానికి రెండు రోజులు, అనుకోనిదానికి రెండు రోజులు. మార్చి 31 తేలింది.

ఇక్కడే చాలామంది పెన్ను కింద పెట్టేస్తారు. ఒక ఖర్చు మిగిలిపోయింది. ముందు ఇచ్చే ముక్కను విడిగా నిలబడేలా తయారుచేయడం కూడా పనే. విషయసూచిక వేరుగా చేయాలి. లోపల "ఎనిమిదో చాప్టర్ చూడండి" అని ఉన్న ప్రతిచోటా ఏదో ఒకటి చేయాలి. పేజీ నంబర్లు, పంపే ఫైల్ తయారుచేయడం, చివరిసారి చదవడం. నా అంచనా ప్రకారం దానికి రెండు పూర్తి రోజులు. ఆ రెండు రోజులు కోడ్లు సరిచూడలేను. కాబట్టి పూర్తి డెలివరీ తేదీ మార్చి 31 కాదు, ఏప్రిల్ 2. ఈ రెండు రోజులు లెక్కలో పెట్టనివాళ్లు ముందు ముక్క సమయానికి ఇస్తారు, ఆ తర్వాత రెండో తేదీ కూడా తప్పుతారు. మొదటిసారి గడువు అడిగితే జనం అర్థం చేసుకుంటారు. రెండోసారి అడిగితే మన లెక్కల మీదే నమ్మకం పోతుంది. తర్వాత మనం నిజమైన తేదీ చెప్పినా దానికి వాళ్లు వాళ్ల మనసులో ఒక వారం కలుపుకుంటారు.

ఈ ఖర్చును క్లయింటుకు కూడా చెప్పాలి. ముందు ముక్క వద్దు, 31కి మొత్తం ఇవ్వండి చాలు అనే హక్కు ఆయనకు ఉంది. ఆయనకు ట్రైనింగ్ లేకపోతే అదే మంచి నిర్ణయం కూడా.

ఇప్పుడు మెయిల్. నేను బుధవారం ఉదయం పంపినది దాదాపు ఇలా ఉంది, చదువుతాను.

"నమస్కారం. మాన్యువల్ మొత్తం మార్చి 20కి పూర్తి కాదు. పూర్తి మాన్యువల్‌కు ఏప్రిల్ 2 వరకు గడువు కోరుతున్నాను. కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ మారడంతో 140 అలారం కోడ్లనూ మెషీన్ మీద మళ్లీ సరిచూడాల్సి వస్తోంది. నిన్నటికి 22 అయ్యాయి, రోజుకు 11 చొప్పున జరుగుతోంది.

23న మొదలయ్యే ఆపరేటర్ ట్రైనింగ్ ఆగకుండా, దానికి కావలసిన ఐదు చాప్టర్లు, తరచుగా వచ్చే 18 అలారం కోడ్లు మార్చి 18కి విడిగా ఇవ్వగలను. ఇవి సరిచూసిన, నేరుగా వాడుకోదగిన పేజీలు. ఇలా విడిగా ఇవ్వడానికి రెండు రోజులు పడుతుంది. అది వద్దనుకుంటే మొత్తం మార్చి 31కి ఇస్తాను.

ఈ రెండింటిలో ఏది కావాలో గురువారం సాయంత్రంలోగా చెప్పగలరా? ఏప్రిల్ 2కు ముందే మీకు అవసరమైనది ఇంకేదైనా ఈ జాబితాలో లేకపోతే అది కూడా చెప్పండి."

గమనించండి, చెడ్డ వార్త మొదటి వాక్యంలోనే ఉంది. చాలా మెయిళ్లలో అది నాలుగో పేరాలో దాక్కుంటుంది. పైన "పని బాగా సాగుతోంది" అని ఉంటుంది, చదివే మనిషి ఫోన్‌లో పై రెండు లైన్లు చూసి మూసేస్తాడు. కారణం ఒక్క వాక్యమే. సాఫ్ట్‌వేర్ మార్చింది వాళ్లే అయినా "మీ వల్లే" అనలేదు. జరిగింది జరిగినట్టు రాస్తే వాళ్లకు తెలుస్తుంది. క్షమాపణ అడగాలా అని అడుగుతుంటారు. తప్పు మనదైతే ఒక్కసారి, సూటిగా అడగాలి. ఇక్కడ తప్పు నాది కాదు కాబట్టి రాయలేదు.

ఆ చివరి ప్రశ్న ఉంది చూశారా, "ఇంకేదైనా కావాలా" అన్నది, దాన్ని మర్యాద కోసం పెట్టలేదు. దానికి జవాబు వచ్చింది. "విడిభాగాల జాబితా 20కి కావాలి, మా కొనుగోలు వాళ్లు ఆర్డర్ పెట్టాలి" అన్నారు. అది తొమ్మిదో చాప్టర్. అందరికంటే చివర అవసరమయ్యేది అదేనని నేను అనుకున్నాను. ఫోన్‌లో మాట్లాడిన మనిషికి కూడా అది గుర్తులేదు, ఆయన ట్రైనింగ్ చూసుకునే మనిషి. మెయిల్ చదివిన ఇంకొకరికి గుర్తొచ్చింది. జాబితా రాసి సిద్ధంగానే ఉంది, వాళ్ల స్టోర్స్ మనిషితో కూర్చుని పార్ట్ నంబర్లు ఒకసారి సరిచూడాలి, అంతే. అరరోజు పని. 20న అది కూడా ఇచ్చాను.

ఇప్పుడు ముందు ఇచ్చే ఫైల్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది.

కొన్నేళ్ల క్రితం వేరే పనిలో నేను ఒక తప్పు చేశాను. సగం పని పంపుతూ, అందులో ఇంకా సరిచూడని ఒక పట్టిక కూడా ఉంచేశాను. ఖాళీగా కనిపించకూడదని. మెయిల్‌లో మాత్రం "ఆ పట్టిక డ్రాఫ్ట్, వాడొద్దు" అని స్పష్టంగా రాశాను. మెయిల్ చదివిన మనిషి ఫైల్‌ను ఇంకొకరికి పంపారు. నా మెయిల్ దాంతో వెళ్లలేదు. ఆ రెండో మనిషి ఆ పట్టికలోని పాత విలువలతో సెట్టింగులు చేశారు. అదృష్టం కొద్దీ మెషీన్ ఆడకుండా ఆగింది, ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ ఆ రోజు వాళ్ల పని పోయింది. కారణం నేనే.

అప్పటి నుంచి నాకు ఒక నియమం. ఏది పూర్తి కాలేదో ఆ విషయం ఫైల్ లోపల, అది ఉండాల్సిన పేజీలోనే ఉండాలి. మెయిల్‌కూ ఫైల్‌కూ తోడు ఎప్పుడో ఒకప్పుడు విడిపోతుంది. సరిచూడనిది అసలు లోపల ఉండకూడదు, డ్రాఫ్ట్ అని ముద్ర వేసి కూడా. ఈ మాన్యువల్‌లో మిగిలిన 122 కోడ్లకు పాత వివరణలు నా దగ్గర రాసి ఉన్నాయి, వాటిలో చాలావరకు సరైనవే అయి ఉంటాయి. ఒక్కటీ పెట్టలేదు. వాటి స్థానంలో ఒక పేజీ పెట్టాను: "ఇక్కడ లేని కోడ్ స్క్రీన్ మీద వస్తే మెషీన్ ఆపండి, సర్వీస్ ఇంజనీర్‌ను పిలవండి. మిగతా కోడ్ల వివరణ ఏప్రిల్ 2న వస్తుంది." ట్రైనింగ్‌లో ఆ వాక్యాన్నే నేర్పించారని తర్వాత తెలిసింది.

ప్రతి పేజీ కింద "భాగం 1, ఆపరేటర్ ట్రైనింగ్ కోసం" అనీ, తేదీ కూడా వేశాను. రెండో విడత వచ్చాక మొదటి విడత కాపీలు తీసేయమని మొదటి పేజీలో రాశాను. లేకపోతే ఆరు నెలల తర్వాత కూడా మెషీన్ పక్కన ఐదు చాప్టర్ల పుస్తకమే వేలాడుతూ ఉంటుంది.

కాంట్రాక్టు మాట కూడా చెప్పాలి. మనతో రోజూ మాట్లాడే మనిషి ఫోన్‌లో "సరే, ఏప్రిల్ 2 అయినా పర్లేదు" అంటే మనకు ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. కానీ గడువు మార్చే అధికారం ఆయనకు ఉందా అన్నది కాంట్రాక్టులో చూడాలి. చాలా కాంట్రాక్టుల్లో మార్పులు రాతపూర్వకంగా, ఫలానావాళ్ల ఒప్పుకోలుతోనే జరగాలని ఉంటుంది. ఆలస్యానికి కోత ఉంటే ఇది మరీ ముఖ్యం. ఇంకొకటి, క్లయింట్ చూసి ఆమోదించడానికి ఇన్ని రోజులు అని గడువు ఉంటుంది కదా, ఆ గడువు మొదటి ముక్క నుంచి లెక్కా, పూర్తి డెలివరీ నుంచి లెక్కా? మొదటి ముక్కకు ఇన్‌వాయిస్ పంపవచ్చా? ఇవి ముందే ఒక లైన్‌లో రాసుకోవాలి. నేను ఆమోదం, ఇన్‌వాయిస్ రెండూ పూర్తి డెలివరీకే అని రాశాను. ముందు ముక్కకే డబ్బు అడిగితే, గడువు అడగడం కాస్తా బేరంలా కనిపిస్తుంది. పెద్ద మొత్తం, పొడుగాటి పని అయితే ఆ సంగతి వేరు, అప్పుడు విడతలవారీగా తీసుకోవడం న్యాయమే.

ఒప్పుకున్నాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. నా లెక్క ప్రకారం మార్చి 20 సాయంత్రానికి 88 కోడ్లు అయి ఉండాలి. ఈ అంకెను మెయిల్ పంపిన రోజే రాసి పెట్టుకున్నాను. 20న లెక్కపెడితే 81 ఉన్నాయి. ఏడు తక్కువ. విడిభాగాల జాబితాకు పోయిన అరరోజు ఇక్కడ కనిపించింది. చేతిలో రెండు రోజుల వెసులుబాటు ఉంది కాబట్టి తేదీ మార్చక్కర్లేదు. అదే మాట క్లయింటుకు రెండు లైన్లు రాశాను: 81 అయ్యాయి, ఏప్రిల్ 2లో మార్పు లేదు. ఒకవేళ 60 దగ్గరే ఆగి ఉంటే ఆ రోజే చెప్పేవాణ్ని, పదమూడు రోజుల ముందు.

ఒకరు చేయి ఎత్తారు. అడగండి.

"మా పనిలో ముక్కలు చేయడమే కుదరదండీ. మేము ఒక కంపెనీ ఖాతాలు పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారుస్తాం. అప్పుడేం చేయాలి?"

మంచి ప్రశ్న. ఖాతాలు సగం పాతదాంట్లో, సగం కొత్తదాంట్లో ఉంటే రెండింటిలో ఏ నిల్వా నమ్మలేం. అలాంటిచోట ముక్క ఇవ్వొద్దు. సంతకం చేసి ఇచ్చే ఆడిట్ నివేదిక కూడా అంతే, సగం అభిప్రాయం ఉండదు. ముక్క వాడగానే మిగతాది చెడిపోయేచోట, లేదా ముక్కను చూసి ఎవరైనా తప్పు నిర్ణయం తీసుకునేచోట, సూటిగా గడువు మాత్రమే అడగండి. అయితే ఒకటి ఆలోచించండి. మీ క్లయింటుకు ఆ తేదీన కావలసింది నిజంగా ఖాతాల మార్పేనా? వాళ్ల సిబ్బంది కొత్త స్క్రీన్లకు అలవాటు పడడం మొదలుపెట్టాలనుకుంటే, పరీక్ష కోసం పాత డేటా కాపీతో ఒక సిస్టమ్ ముందుగా ఇవ్వవచ్చు. అసలు ఖాతాలు పాతదాంట్లోనే నడుస్తాయి. పరీక్షకే అన్నది ప్రతి స్క్రీన్ మీదా కనబడాలి, లేకపోతే ఎవరో ఒకరు అందులో నిజమైన బిల్లు వేస్తారు.

"మరి మీ మాన్యువల్ ఏప్రిల్ 2కు వెళ్లిందా?"

ఒకటో తేదీ సాయంత్రం వెళ్లింది. సరిచూడడం 30వ తేదీ మధ్యాహ్నానికి అయిపోయింది, ఆ తర్వాత ఇంజనీర్ రెండు రోజులు చదివారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో అర్థం మారిన కోడ్లు చివరికి తొమ్మిది తేలాయి. అందులో ఒకటి, సీలింగ్ వేడికి సంబంధించినది, ట్రైనింగ్‌కు ఇచ్చిన ఆ 18లో ఉంది.